కొత్త లిస్టింగ్ రచయిత్రికి ఇవ్వబోయే సూచనల కాగితం: కారం, ఊరగాయల గురించి ఏం రాయాలి, ఏం రాయకూడదు

పట్నంబజార్ కారం కొట్టు

అందరికీ నమస్కారం. గుంటూరు పట్నం బజారులో మాది కారం, ఊరగాయల కొట్టు. కౌంటరు అమ్మకాలతో పాటు ఆన్‌లైన్‌లో కూడా పంపుతున్నాం. లిస్టింగులు రాయడానికి విజయవాడలో ఉంటున్న ఒక అమ్మాయి ఫ్రీలాన్స్‌గా ఒప్పుకుంది. ఆమె తెలుగు చక్కగా ఉంది, ఇంగ్లిషూ బాగా రాస్తుంది. మా సరుకుతో మాత్రం ఆమెకు పరిచయం లేదు. సోమవారం పని మొదలయ్యేలోగా ఈ కింది కాగితం ఆమె చేతికి ఇవ్వాలనుకుంటున్నాను. ఈ పనిలో అనుభవం ఉన్నవారు చదివి, ఎక్కడ దిద్దాలో చెప్పండి.

*అమ్మా, ముందు మన కొనుగోలుదారుల గురించి. సగం మంది బెంగళూరులోనో పుణేలోనో ఉంటున్న మనవాళ్లు. వాళ్లకు రుచి తెలుసు, మోసం జరగకపోతే చాలు. మిగతావాళ్లకు మన కారం కొత్త. పప్పులో ఎంత వేయాలో, వేస్తే ఎంత మండుతుందో వాళ్లకు తెలియాలి. ఇద్దరికీ ఒకటే పద్ధతి: సరుకును పొగడవద్దు, అది ఎలా ఉంటుందో చెప్పండి. కౌంటరు ముందు నిలబడి అడిగే మనిషికి నేను జవాబు చెప్పినట్లు ఉండాలి. ఆశ్చర్యార్థకాలు వద్దు. "ఒక్కసారి రుచి చూస్తే వదలరు" వంటి మాటలు వద్దు.*

*రాయకూడని మాటలు: స్వచ్ఛమైన, సహజమైన, తాజా, అసలైన, సంప్రదాయ, సేంద్రియ, ఇంట్లో చేసిన, అమ్మమ్మ చేతి, అత్యుత్తమ, నంబర్ వన్. ఆరోగ్యానికి మంచిది, జీర్ణానికి మంచిది, బరువు తగ్గుతారు వంటి మాటలు ఏ రూపంలోనూ వద్దు.*

*సరుకు సంగతులు. సన్నం కారంలో సన్నం కాయ తప్ప మరేమీ లేదు. తొడిమలు తీసి, తాలుకాయలు ఏరి, ఎండబెట్టి ఆడిస్తాం. నూనె గానీ ఉప్పు గానీ వేయం. కూర కారం వేరు. అందులో ఘాటుకు తేజ, రంగుకు బ్యాడిగి కలుపుతాం. ఆడించేటప్పుడు ఒక శాతం వేరుశనగ నూనె చల్లుతాం. తేజ కారం విడిగా కూడా ఉంది, అది బాగా మండుతుంది. సన్నం కారం ఒకటిన్నర చెంచా వేసేచోట తేజ ఒక చెంచా చాలు. గోంగూర పచ్చడిలో గోంగూర, ఎండుమిర్చి, ఉప్పు, వెల్లుల్లి, మెంతులు, ఆవాలు, నువ్వుల నూనె ఉంటాయి. పల్లీ కారంలో వేరుశనగపప్పు ఉందన్న సంగతి మొదటి వాక్యంలోనే రావాలి.*

*తెలియనిది ఊహించి రాయవద్దు. నాకు ఫోను చేయండి.*

ఇంతే. నిషేధం మరీ కఠినంగా ఉందా అన్నదే నా సందేహం.

లేబుల్ పరిశీలకుడు

కాగితం బాగుంది. అయితే రాయకూడని మాటలన్నింటినీ ఒకే గంపలో వేశారు. కొన్ని ఎప్పుడూ వాడకూడనివి, కొన్ని షరతు నెరవేరితే వాడుకోదగినవి. కారణం చెప్పకుండా జాబితా మాత్రమే ఇస్తే ఆ అమ్మాయి "స్వచ్ఛమైన" తీసేసి "కల్తీ లేని" అని రాస్తుంది. అర్థం అదే కదా.

ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ప్రకటనలు, క్లెయిముల గురించి 2018లో నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం "స్వచ్ఛం" అనే మాటను ఒకే పదార్థం ఉన్న, ఇంకేమీ కలపని సరుకుకే వాడాలి. ఆ లెక్కన మీ సన్నం కారానికి వాడుకోవచ్చు. కూర కారానికి కుదరదు, అందులో నూనె ఉంది. "సహజం" కూడా దాదాపు ఇదే దారి. పచ్చడి లాంటి కలగలుపు సరుకును సహజమైనది అనకూడదు. "తాజా" అయితే కడగడం, తొక్కతీయడం, కోయడం, చల్లబరచడం వంటివి తప్ప వేరే ప్రక్రియ ఏదీ జరగని వస్తువుకే. ఎండబెట్టి ఆడించిన కారానికి ఆ మాట అసలు వర్తించదు. "ఇంట్లో చేసిన" వంటి మాటలు కొనేవారిని తప్పుదారి పట్టించే వీలుంటే వాడవద్దని ఆ నిబంధనలే చెబుతున్నాయి. వ్యాధి నయమవుతుందనో రాకుండా ఉంటుందనో చెప్పడం పూర్తిగా నిషేధం.

ఇంకొక్క మాట. క్లెయిము అంటే అచ్చువేసింది మాత్రమే కాదు. బొమ్మ ద్వారా సూచించినా క్లెయిమే. రోలు, రోకలి, పక్కన ముసలావిడ ఉన్న ఫొటో పెట్టి, పేజీలో "మరలో ఆడించినది" అని రాస్తే ఆ రెండూ పొసగవు.

యార్డు పక్క ఇల్లు

అన్నయ్యా, ఇంత భయం అక్కరలేదనిపిస్తోంది. మా ఇంట్లో నాలుగు తరాలుగా మిర్చి వ్యాపారం. ఇంట్లో చేసిన పచ్చడిని ఇంట్లో చేసినది అంటే తప్పేమిటి? అలాగే సన్నం కారం మీద "గుంటూరు సన్నం" అని పెద్దగా రాయండి, అదే మీ బలం. మన మిర్చి యార్డులో కొన్న సరుకే కదా, ఎవరిని అడగాలి?

మీరు వదిలేసిన సంగతి ఒకటి ఉంది. కొత్త కాయకూ కోల్డ్ స్టోరేజీ కాయకూ తేడా చెప్పండి. వేసవి దాకా యార్డుకు వచ్చేది కల్లం నుంచి వచ్చిన కాయ. ఆ తర్వాత ఆడించేదాంట్లో ఎక్కువ భాగం కోల్డ్ స్టోరేజీలో ఉంచినది. చెడిపోయిందని కాదు, కానీ నిల్వలో రంగు కొంచెం తగ్గుతుంది. ఫిబ్రవరిలో రాసిన "ఈ ఏటి కొత్త పంట" అనే వాక్యం నవంబరులో కూడా పేజీ మీద కనిపిస్తే అది అబద్ధం.

లేబుల్ పరిశీలకుడు

నిల్వ కాయ గురించి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ వాక్యాన్ని పేజీలో కాదు, బ్యాచ్ వివరాల్లో పెట్టాలి.

సన్నం సంగతి మాత్రం అలా కాదు. గుంటూరు సన్నం మిరపకు భౌగోళిక గుర్తింపు ఉంది. గుంటూరు యార్డుకు ఎన్నో చోట్ల నుంచి, ఎన్నో రకాల కాయ వస్తుంది. యార్డులో కొన్నంత మాత్రాన అది గుంటూరు సన్నం అయిపోదు. 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టంలో నమోదైన అధీకృత వినియోగదారులకే ఆ పేరు వాడుకునే హక్కు. అయితే ఆ సరుకును చట్టబద్ధంగా కొన్నవారు దాన్ని ఆడించి, ప్యాక్ చేసి అమ్మితే ఉల్లంఘన కాదని అదే చట్టం చెబుతోంది. అంటే కొట్టు యజమాని దగ్గర ఆ కాయ ఎవరి దగ్గర కొన్నదో చూపే కాగితం ఉండాలి. అది లేకుండా రచయిత్రిని పేరు రాయమనడం ఆమెకు అన్యాయం.

"ఇంట్లో చేసిన" విషయానికి వస్తే, పచ్చడి నిజంగా ఇంటి వంటగదిలోనే కలిపితే ఏమిటన్న ప్రశ్న న్యాయమైనదే. ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. నా సలహా మాత్రం ఆ మాట వదిలేసి, జరిగినది రాయమనే: "చిన్న మొత్తాల్లో, చేత్తో కలిపినది." అది నిజమైతేనే సుమా.

మంగళగిరి నేత

ఇక్కడ వాపసుల గురించి మాట్లాడుతున్నారనుకుంటున్నాను, మా అనుభవం చెబుతాను. మాది చీరల కొట్టు. మేము పెట్టుకున్న రచయిత ప్రతి చీర కిందా "మంగళగిరి చేనేత" అని రాసేవాడు. కొన్ని చీరలు మరమగ్గం మీద నేసినవి. వాటిని మేము అతనికి విడిగా చూపించలేదు. ఒకావిడ హ్యాండ్‌లూమ్ మార్కు ఎక్కడుందని అడిగి, చీర వెనక్కి పంపింది. అప్పటి నుంచి ప్రతి చీర వివరం పక్కన "ఇది ఎవరు చెప్పారు" అని ఒక గడి పెట్టాం. నేసినవారా, హోల్‌సేలరా, మేమా? ఆ గడి ఖాళీగా ఉంటే వాక్యం పేజీకి ఎక్కదు. రంగు ఫొటోలో ఒకలా, ఇంట్లో ఒకలా కనిపిస్తుందని కూడా ముందే రాయండి.

పట్నంబజార్ కారం కొట్టు

నేనడిగింది వాపసుల గురించి కాదు గానీ, మీ గడి నాకు బాగా నచ్చింది. మా కాగితంలో కలుపుతాను. సన్నం కాయ కొనుగోలు చీటీలు నా దగ్గరే ఉన్నాయి. బ్యాడిగి వచ్చేది కర్ణాటక నుంచి. అందుకే కూర కారం పేరులో గుంటూరు అని రాయనివ్వను. "గుంటూరులో ఆడించినది" అంటే చాలు.

బెజవాడ రచయిత్రి

నేను ఈ పనిలోనే ఉన్నాను. రాసేవాళ్ల వైపు నుంచి రెండు మాటలు.

"పొగడవద్దు, ఎలా ఉంటుందో చెప్పండి" అన్నారు. మంచి మాట. కానీ ఎలా ఉంటుందో ఆ అమ్మాయికి తెలియాలంటే సరుకు చేతికి అందాలి. ప్రతి రకమూ వంద గ్రాములు పంపండి. మూడు కారాలూ తెల్ల కాగితం మీద పక్కపక్కన పోసి చూస్తే తేజకూ సన్నానికీ రంగులో తేడా తెలుస్తుంది. వండి చూస్తే ఘాటులో తేడా తెలుస్తుంది. అంతవరకూ ఆమె రాసేది మీ కాగితానికి నకలు మాత్రమే.

రెండో మాట. మాకు జాబితా కంటే దిద్దిన నమూనా ఎక్కువ పనికివస్తుంది. కొత్తవాళ్లు మొదటిసారి ఏం రాస్తారో నాకు తెలుసు. కూర కారానికి ఇలా రాస్తారు:

"అమ్మమ్మ చేతి స్వచ్ఛమైన గుంటూరు ఎర్ర కారం! రంగులు, నిల్వ పదార్థాలు లేని సహజమైన రుచి. జీర్ణశక్తిని పెంచుతుంది. దేశంలోనే అత్యుత్తమ కారం."

దీన్ని మీరిద్దరూ కలిసి ఇక్కడే దిద్ది చూపిస్తే ఆమెకు అదే పాఠం.

లేబుల్ పరిశీలకుడు

సరే, వరుసగా చూద్దాం. "అమ్మమ్మ చేతి" తీసేయాలి, ఆడించింది మర. "స్వచ్ఛమైన" తీసేయాలి, ఇందులో రెండు రకాల కాయ, పైన నూనె ఉన్నాయి. "గుంటూరు కారం" అనే పేరు ఎందుకు కుదరదో యజమానే చెప్పారు. జీర్ణశక్తి మాట గురించి చర్చే లేదు. "దేశంలోనే అత్యుత్తమ" అనడానికి రుజువు చూపాలి, ఎవరూ చూపలేరు.

మధ్య వాక్యం కొంచెం చిక్కు. నిల్వ పదార్థాలు లేవని చెప్పుకోవాలంటే, ఆ సరుకులో అవి వేయడానికి అనుమతి ఉండి, మీరు వేయకుండా ఉండాలి. బదులుగా అదే పని చేసే ఇంకొకటి వేసి ఉండకూడదు. ఊరగాయలో సోడియం బెంజోయేట్ వంటివి నిర్ణీత పరిమితిలో వేసుకునే వీలుంది. కాబట్టి వేయకపోతే మీ గోంగూర పచ్చడి పేజీలో ఆ సంగతి చెప్పుకోవచ్చు. కారం పొడి విషయం వేరు. రంగు కలపడమే నేరం. ఎవరూ చేయకూడని పని మేము చేయలేదని చెప్పడం గొప్ప కాదు. పైగా పక్కవాళ్లు చేస్తున్నారని సూచించినట్లవుతుంది.

నూనె గురించి మాత్రం తప్పకుండా రాయాలి. కారం పొడిలో వంట నూనె బరువులో 2 శాతం వరకు వేయవచ్చు, కానీ ఏ నూనె, ఎంత అన్నది లేబుల్ మీద ఉండాలి. పేజీలోనూ అదే అంకె ఉండాలి.

పట్నంబజార్ కారం కొట్టు

నేను ఇలా రాస్తాను:

"కూర కారం, 500 గ్రాములు. ఘాటుకు తేజ మిరప, రంగుకు బ్యాడిగి మిరప. తొడిమలు తీసి, తాలుకాయలు ఏరి, గుంటూరులో ఆడించినది. ఆడించేటప్పుడు ఒక శాతం వేరుశనగ నూనె చల్లుతాం. మా సన్నం కారం కంటే ఎర్రగా ఉంటుంది, ఘాటు కొంచెం తక్కువ. ఇగురు కూరలకు, పులుసులకు బాగుంటుంది. మరీ కాగిన నూనెలో వేస్తే నల్లబడుతుంది. కూర మగ్గాక వేయండి. గాలి చొరబడని డబ్బాలో, వెలుతురు పడని చోట ఉంచండి."

మండే సరుకును మండుతుందనే రాయాలని నా పట్టుదల. పిల్లలున్న ఇంటివారు తేజ కారం తెలియక కొని ఇబ్బంది పడకూడదు.

బెజవాడ రచయిత్రి

చాలా బాగుంది. ఒక్క ప్రశ్న. తేజ ఘాటుగా ఉంటుందన్నారు, మళ్లీ కూర కారం ఘాటు తక్కువ అన్నారు. చదివేవారికి తికమక.

పట్నంబజార్ కారం కొట్టు

నిజమే. బ్యాడిగి పాళ్లు ఎక్కువ, అందుకే మొత్తం మీద ఘాటు తగ్గుతుంది. "బ్యాడిగి ఎక్కువ, తేజ తక్కువ" అని కలుపుతాను. కనీసం ఏది ఎక్కువో తెలియాలి.

బెంగళూరు కొనుగోలుదారు

నేను కొనే మనిషిని. మీరు ఊరగాయ గురించి తక్కువ మాట్లాడారు. మాకు కావలసినవి నూనె ఏదో, వెల్లుల్లి ఉందో లేదో. కార్తీక మాసంలో మా ఇంట్లో వెల్లుల్లి ముట్టం. కిందటి సారి వేరే చోట తెప్పించిన గోంగూర పేజీలో పదార్థాల వరుస చివర చిన్న అక్షరాల్లో ఉంది, సీసా మూత తీశాకే వాసన తెలిసింది. మా తమ్ముడి కొడుకుకు వేరుశనగ పడదు. నూనె పేరు లేకుండా "వంట నూనె" అని రాసిన పేజీని నేను మూసేస్తాను.

ఇంకొకటి, లేబుల్ గారి మాటతో నేను ఏకీభవించను. రంగు కలపలేదని రాయకూడదంటే నాకెలా నమ్మకం? వార్తల్లో కల్తీ కారం గురించి చదివి భయంతో కొంటున్నాం. మాకు ఆ మాట కావాలి.

యార్డు పక్క ఇల్లు

అమ్మ గారు చెప్పినదే నా మాట కూడా. కొనేవాళ్లు అడిగేది ఆ ఒక్కటే. పరీక్ష చేయించిన కాగితం ఫొటో పెట్టేస్తే సరిపోతుంది కదా?

లేబుల్ పరిశీలకుడు

కాగితం పెట్టండి, కానీ ఆ కాగితం పరీక్షకు పంపిన నమూనాకే వర్తిస్తుంది. కిందటి ఏడాది బ్యాచ్ పరీక్షను ఈ ఏడాది పొట్లం పక్కన పెడితే అదీ తప్పుదారి పట్టించడమే. బ్యాచ్ నంబరు కనిపించేలా, పేజీలోని సరుకు బ్యాచ్‌తో సరిపోయేలా ఉంటేనే పెట్టాలి. బ్యాచ్ మారినప్పుడల్లా మార్చే ఓపిక ఉందా అని ముందు అడగండి. కొనేవారి భయం నిజమైనదే, దాన్ని కాదనను. మాటతో తీర్చడం కంటే రుజువుతో తీర్చడం మేలు అంటున్నాను.

మంగళగిరి నేత

మరి ఇంగ్లిషు పేజీలో రాయకూడని మాటను తెలుగు పేజీలో రాస్తే పరవాలేదా? మా రచయిత అలా అన్నాడు.

లేబుల్ పరిశీలకుడు

మీ చీరల సంగతి వేరు, అది ఆహార నిబంధనల కిందికి రాదు. ఆహారం విషయంలో ఏ భాషలో రాసినా కొనేవారికి అందే అర్థమే లెక్క. ఇంగ్లిషులో తీసేసిన మాట తెలుగులో తిరిగి రాకూడదని కాగితంలో రాయండి. హిందీ పేజీ ఉంటే అక్కడా అంతే.

పట్నంబజార్ కారం కొట్టు

అందరికీ ధన్యవాదాలు. కాగితాన్ని ఇలా మారుస్తున్నాను. రాయకూడని ప్రతి మాట పక్కనా ఎందుకో ఒక వాక్యం రాస్తాను. "స్వచ్ఛమైన" సన్నం కారానికి మాత్రం, అది కూడా నూనె వేయని బ్యాచ్ అని నేను చెప్పాకే. ఊరగాయ పేజీల్లో నూనె పేరు, వెల్లుల్లి, వేరుశనగ ఈ మూడూ మొదటి రెండు వాక్యాల్లో వస్తాయి. కార్తీకం కోసం వెల్లుల్లి లేని గోంగూర విడిగా చేస్తాం, దానికి వేరే పేజీ ఉంటుంది. రెండూ ఒకే వంటగదిలో తయారవుతాయని కూడా అందులో రాయమంటాను. కొత్త పంట, నిల్వ పంట సంగతి బ్యాచ్ వివరాల్లోకి వెళుతుంది. ప్రతి వివరం పక్కన "ఎవరు చెప్పారు" గడి ఉంటుంది. ఆ అమ్మాయికి అన్ని రకాలూ వంద గ్రాముల చొప్పున రేపే బస్సు పార్సిల్‌లో పంపుతున్నాను.

రంగు మాట దగ్గర ఇంకా తేల్చుకోలేదు. ప్రస్తుతానికి పేజీలో రాయను. ఎవరైనా అడిగితే వాళ్లు కొన్న బ్యాచ్ పరీక్ష కాగితం పంపుతాను.

బెంగళూరు కొనుగోలుదారు

అడిగితేనే పంపుతామంటే, అడగాలని తెలియనివాళ్ల సంగతి ఏమిటండీ? "బ్యాచ్ పరీక్ష కాగితం కావాలంటే అడగండి" అనే ఒక్క వాక్యమైనా పేజీలో పెట్టండి.

లేబుల్ పరిశీలకుడు

ఆ వాక్యం పెట్టుకోవచ్చు, అందులో క్లెయిము ఏమీ లేదు. పరీక్ష చేయించని బ్యాచ్ అమ్మకానికి వెళ్లిన రోజు మాత్రం దాన్ని తీసేయాలి. ఆ బాధ్యత రచయిత్రిదా, కొట్టుదా అన్నది కూడా కాగితంలోనే రాసుకోండి.

పట్నంబజార్ కారం కొట్టు

కొట్టుదే. రాస్తున్నాను.